సెమినార్ రిపోర్టు: సభలో ఎవరూ ఒప్పుకోనిది "ఏకగ్రీవం" ఎలా అయింది?

హెబ్బాళ_హేమ
పోయిన వారం మా కాలేజీలో అపార్ట్‌మెంట్లలో నీటి వాడకం మీద రెండు రోజుల సెమినార్ జరిగింది. వాన నీళ్లు, బోర్లు, ట్యాంకర్లు, ఎస్‌టీపీలో శుద్ధి చేసిన మురుగు నీళ్లు, ఇలా ఆరు సెషన్లు. డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే జూనియర్‌ని కాబట్టి రాపోర్టియర్ పని నా నెత్తిన పడింది. శుక్రవారానికి రిపోర్టు ఇవ్వాలి. నోట్సంతా ఆరు పేజీలకి కుదించి హెచ్‌ఓడీ గారికి పంపితే ఎర్ర గీతలతో తిరిగొచ్చింది.

గొడవంతా నాలుగో సెషన్ దగ్గర. ఎస్‌టీపీ నీళ్లు ఫ్లష్‌లకి వాడాలంటే రెండో పైపులైను ఉండాలి కదా, "పాత అపార్ట్‌మెంట్లలో ఇది ఎలా చేయాలన్నది తేలలేదు" అని రాశాను. ఆయన దాన్ని కొట్టేసి "అన్ని అపార్ట్‌మెంట్లలోనూ రెండు పైపులైన్లు తప్పనిసరి చేయాలని సెమినార్ ఏకగ్రీవంగా సిఫార్సు చేసింది" అని మార్చారు. ఆ గదిలో నేనున్నాను. వక్త ఒకరు ఆ మాట అన్నారు, ఒక అసోసియేషన్ సెక్రటరీ లేచి అడ్డం చెప్పారు, ఇంతలో టీ టైమ్ అయింది. అంతే. అడిగితే "సిఫార్సు గట్టిగా ఉండాలమ్మా, తేలలేదంటే డబ్బులిచ్చినవాళ్లు ఏమనుకుంటారు" అంటారు.

ఇది చాలదన్నట్టు రెండో సెషన్ అధ్యక్షుడు మెసేజ్ పెట్టారు, ఆ రోజు చెప్పడం మర్చిపోయాను, ఈ సిఫార్సు కూడా చేర్చమ్మా అని. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. ఎవరైనా ఇలాంటి రిపోర్టు రాసినవాళ్లుంటే చెప్పండి.

కోలారు_కిట్టు
నేను వెళ్లిన సెమినార్లలో ఏకగ్రీవంగా ఆమోదం పొందింది బిసిబేళెబాత్ ఒక్కటే. అది కూడా రిపోర్టులో రాయలేదు వాళ్లు.

గ్రాంట్_గోపి
ఇంత ఆలోచించకండి మేడమ్. గ్రాంట్ ఇచ్చినవాళ్లకి కావాల్సింది యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఫారం 19-ఎ. అది ఆడిటర్ సంతకంతో వెళ్తే రెండో విడత డబ్బు వస్తుంది. రిపోర్టు లోపల ఏం రాశారో చదివేవాడు లేడు. హెచ్‌ఓడీ ఏం రాయమంటే అది రాసి పడేయండి.

మైలాపూర్_మూర్తి
గోపీ, ఆ ఫారం 19-ఎ పాత లెక్క. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు, అదే 2017 జీఎఫ్‌ఆర్, వచ్చాక కాలేజీల్లాంటి సంస్థలకి 12-ఎ. పాత ఫారం పంపితే తిరిగొస్తుంది, చూసుకో. డబ్బు లెక్క వేరు, ఈ రిపోర్టు వేరు. రిపోర్టు మొత్తం ఎవరూ చదవరన్నది చాలావరకు నిజమే, కానీ సిఫార్సుల పేజీ మాత్రం చదువుతారు. దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు, పేపరు వాళ్లకి ఇస్తారు. "సెమినార్ ఏకగ్రీవంగా" అన్న మాట ఆ అడ్డం చెప్పిన సెక్రటరీ ఫోన్‌లోకి వెళ్లిందంటే వచ్చే ఏడాది ఆయన మీ గుమ్మం తొక్కడు.

చెన్నైలో ఒక శిక్షణ సంస్థలో చాలా ఏళ్లు ఈ పని చేశాను కాబట్టి చెప్తున్నా. నోట్సులో ప్రతి వాక్యం పక్కన మూడింటిలో ఏదో ఒక గుర్తు పెట్టమ్మా. వక్త చెప్పింది అయితే వ. చర్చలో ఇంకొకరు కూడా సరేనని, ఎవరూ కాదనకపోతే స, అంటే సభ. ఆ రెండూ కాకుండా విన్నాక నీకు తట్టింది అయితే రా. సిఫార్సుల పేజీలోకి స గుర్తు ఉన్నవే వెళ్లాలి. వ గుర్తువన్నీ సెషన్ సారాంశంలో ఆ వక్త పేరు కింద ఉంటాయి. రా గుర్తువి అసలు ఉండకూడదు, ఉండక తప్పదనుకుంటే చివర్లో "రాపోర్టియర్ గమనిక" అని విడిగా పెట్టు. నీ రిపోర్టులో పేచీ అంతా ఒక వ మీద హెచ్‌ఓడీ గారు స అని ముద్ర వేయడంతో వచ్చింది.

నాలుగో సెషన్ నోట్సు ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు, చూద్దాం.

బన్నేరుఘట్ట_బాబు
ఎస్‌టీపీ అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా అపార్ట్‌మెంట్‌లో 120 ఫ్లాట్లు, ఎస్‌టీపీ బేస్‌మెంట్‌లో ఉంది, సాయంత్రం అయ్యేసరికి ముక్కు మూసుకుని కారు తీయాల్సి వస్తోంది. మెయింటెనెన్స్ వాడు బ్లోయర్ బాగానే ఉందంటాడు. ఆ సెమినార్‌లో దీనికి ఏమైనా పరిష్కారం చెప్పారా?

కోలారు_కిట్టు
బాబన్నా, ఆవిడ అడిగింది రిపోర్టు వాసన గురించి.

యలహంక_వాసు
@బాబు బ్లోయర్ బాగుందన్నాడు సరే, రాత్రంతా నడుపుతున్నాడా లేక కరెంటు బిల్లు చూసి ఆపేస్తున్నాడా? ముందు మీటరు రీడింగు చూడండి. గాలి అందకపోతే వాసన వచ్చి తీరుతుంది. ఇక్కడితో ఆపుదాం, విడిగా థ్రెడ్ పెట్టండి.

హెబ్బాళ_హేమ
మూర్తి గారూ, నోట్సు ఇదిగో, పేర్లు తీసేశాను.

వక్త: రెండు లైన్లు ఉంటేనే శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌కి పోతాయి, లేకపోతే సగం మోరీలోకే. అన్ని బిల్డింగులకీ తప్పనిసరి చేయాలి.
సెక్రటరీ (పాత బిల్డింగు): మాది ఒకటే లైను. రెండోది వేయాలంటే ప్రతి బాత్రూమ్ పగలగొట్టాలి, అద్దెకున్నవాళ్లు ఒప్పుకోరు, ఖర్చు ఎవరు పెడతారు?
వక్త: షాఫ్ట్‌లో బయటి నుంచి వేయొచ్చు.
సెక్రటరీ: మా షాఫ్ట్‌లో మనిషి పట్టడు.
ఇంకొకరు (ఆర్కిటెక్ట్): కొత్తవాటికి అభ్యంతరం ఎవరికీ లేదు కదా, పాతవాటి సంగతి వేరుగా చూడాలి.
అధ్యక్షుడు: మంచి చర్చ. టీ.

ఒక కన్నడ పెద్దాయన వెనక నుంచి ఏదో అడిగారు, మైకు ఆయన దాకా వెళ్లలేదు, అది నోట్సులో లేదు.

మైలాపూర్_మూర్తి
ఇంకేం, జవాబు ఆ ఆర్కిటెక్ట్ ఇచ్చేశారు. కొత్త బిల్డింగులకి స గుర్తు, పాతవాటికి లేదు. నేనైతే ఇలా రాస్తాను:

"కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్లలో రెండు పైపులైన్లు ఉండాలన్న దానిపై చర్చలో అభ్యంతరం రాలేదు. ఒకే లైను ఉన్న పాత భవనాలకు దీన్ని వర్తింపజేయడంపై భేదాభిప్రాయాలు వచ్చాయి. షాఫ్ట్ ద్వారా బయటి నుంచి వేయవచ్చని వక్త అన్నారు, తమ భవనంలో అది సాధ్యం కాదని, ఖర్చు ఎవరు భరించాలన్నది కూడా తేలాలని ఒక సంఘం ప్రతినిధి అన్నారు. సమయం చాలక ఇది పూర్తి కాలేదు."

సిఫార్సుల పేజీలోకి మొదటి వాక్యం ఒక్కటే వెళ్తుంది. "అభ్యంతరం రాలేదు" అన్నది ఏకగ్రీవం కంటే చిన్న మాట, కానీ దాన్ని ఎవరూ కాదనలేరు.

ఆ కన్నడ పెద్దాయన అడిగింది ఆయన పక్కన కూర్చున్నవాళ్లని కనుక్కో. రిజిస్ట్రేషన్ షీటులో నంబర్లు ఉంటాయి.

బన్నేరుఘట్ట_బాబు
ఆ సెక్రటరీ చెప్పింది అక్షరాలా నిజం. మా పక్క బిల్డింగులో రెండో లైను వేయబోయి మూడు అంతస్తుల దగ్గర ఆపేశారు. షాఫ్ట్‌లో పాత డ్రెయిన్ పైపు, కేబుళ్లు, పావురాల గూళ్లు, ఇంక చోటెక్కడ. ఈ సంగతి కూడా రిపోర్టులో వేయండి మేడమ్, బలం వస్తుంది.

యలహంక_వాసు
వేయకూడదు బాబు గారూ. మీరు ఆ గదిలో లేరు. సభ బయట ఎంత మంచి ఉదాహరణ దొరికినా అది సెమినార్ రిపోర్టులోకి రాదు.

జయనగర్_జానకి
నేను రెండో వైపు నుంచి చెప్తా. మా సంస్థ తరఫున ఇలాంటి సెమినార్లు పెట్టిస్తుంటాను, రాపోర్టియర్లు ఇచ్చే రిపోర్టులు నా టేబుల్ మీదకే వస్తాయి. మూర్తి గారు చెప్పిన పేరా నిజాయితీగా ఉంది, ఒప్పుకుంటా. కానీ నిర్వాహకురాలిగా అది చదివి నేనేం చేయాలి? "పూర్తి కాలేదు" అని ఆగిపోతే ఫైల్లో పెట్టి మర్చిపోతాను. హేమ వాళ్ల హెచ్‌ఓడీ భయం కూడా అదే అనుకుంటా, పాపం ఆయన దానికి తప్పు మందు వేశారు.

తేలని విషయాన్ని సిఫార్సుల్లోంచి తీసి తదుపరి చర్యల్లోకి తెచ్చుకోండి. సిఫార్సు అంటే ప్రభుత్వమో, జలమండలో, బిల్డర్లో, బయటివాళ్లు చేయాల్సింది. తదుపరి చర్య అంటే నిర్వాహకులే, అంటే మీ డిపార్ట్‌మెంటే, చేయాల్సింది. చాలా రిపోర్టుల్లో ఈ రెండూ కలిపి కొడతారు, అందుకే ఏదీ కదలదు. మీ కేసులో ఇలా: "ఒకే పైపులైను ఉన్న మూడు పాత అపార్ట్‌మెంట్లను ఎంచుకుని, షాఫ్టు కొలతలు, అంచనా ఖర్చు తీసుకోవాలి. బాధ్యత ఫలానా లెక్చరర్. గడువు నెలాఖరు. సెక్రటరీకి, వక్తకి ఇద్దరికీ ఆ కాగితం పంపడంతో పని పూర్తయినట్టు." ఒక్క పేరు ఉండాలి, "కమిటీ" అనకూడదు. కమిటీ అంటే ఎవరూ కాదు. పని పూర్తయిందని ఎలా తెలుస్తుందో ఆ చివరి ముక్క కూడా ఉండాలి, లేకపోతే "పరిశీలనలో ఉంది" అని రెండేళ్లు చెప్తారు.

ఇది హెచ్‌ఓడీకి చూపించండి. తేలలేదన్న మాటకి భయపడేవాళ్లకి, దాన్ని తేల్చే దారి పక్కనే కనిపిస్తే భయం పోతుంది.

గ్రాంట్_గోపి
ఫలానా లెక్చరర్ అంటే మళ్లీ హేమ గారే కదా 😄

హెబ్బాళ_హేమ
అదే నా టెన్షన్ కూడా! కానీ జానకి గారు చెప్పింది ఆయనకి నచ్చుతుందనిపిస్తోంది. ముఖ్యాంశాల పేజీ కూడా పెడుతున్నా, ఇందులో ఏమైనా తేడా ఉంటే చెప్పండి.

మొదటి పేరా నేపథ్యం: 1964లో బెంగళూరు జలమండలి ఏర్పాటు, 2024 వేసవి కరువు, ఆ మార్చిలో కార్లు కడగడానికి, తోటలకి తాగునీళ్లు వాడితే 5,000 జరిమానా, అదే ఏడాది అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ. ఒక పేజీ వచ్చింది.
మొదటి సెషన్: 2,400 చదరపు అడుగుల పైకప్పు మీద ఏడాదికి 20 లక్షల లీటర్ల వాన నీళ్లు పట్టవచ్చు.
సిఫార్సు 1: 2,400 చదరపు అడుగులు, ఆపైన ఉన్న స్థలాల్లో వాన నీటి సేకరణ తప్పనిసరి చేయాలి.

యలహంక_వాసు
ఆ 20 లక్షలు ఎక్కడిది?

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 2,400 అడుగులంటే సుమారు 223 చదరపు మీటర్లు. బెంగళూరులో ఏడాదికి 970 మిల్లీమీటర్లు అటూఇటూ. గుణిస్తే 2 లక్షల 16 వేలు. ఒక్క చుక్క ఆవిరి కాకుండా, మొదటి వాన మురికి నీళ్లు కూడా వదలకుండా పట్టినా అంతే. 20 లక్షలు రావాలంటే చిరపుంజిలో పడేలాంటి వాన పడాలి.

హెబ్బాళ_హేమ
స్లైడ్ ఫొటో ఉంది నా దగ్గర, ఇప్పుడే మళ్లీ చూశా. స్లైడ్‌లోనే 2,400, 20 లక్షలు అని ఉంది. మరి 2 లక్షలు అని దిద్దేయనా?

గ్రాంట్_గోపి
సున్నా ఎక్కువైంది, కొట్టేయండి, అంతే.

మైలాపూర్_మూర్తి
కొట్టేయకు! అది వక్త చెప్పిన అంకె, దిద్దాల్సింది ఆయన. రెండు లైన్ల మెయిల్ పెట్టు. "స్లైడ్ 7లో ఇలా ఉంది, మా లెక్కకి ఇంత వస్తోంది, రిపోర్టులో ఏది వేయాలి" అని. తప్పు అన్న మాట వాడకు. గడువు చెప్పు, బుధవారం సాయంత్రం అని. జవాబు రాకపోతే అంకె వదిలేసి "గణనీయంగా" అనకుండా, అసలు ఆ వాక్యమే తీసేయ్. ఒక్క సెషన్‌లో ఒక్క అంకె లేకపోతే రిపోర్టుకి నష్టం లేదు.

నేపథ్యం పేజీ మొత్తం తీసేయ్. 2024లో నీళ్లు లేక ఎంత అవస్థ పడ్డారో బెంగళూరు నిర్వాహకులకి నువ్వు చెప్పాలా? ఆ పేజీ మిగిలితే నాలుగో సెషన్‌కి చోటు దొరుకుతుంది.

జయనగర్_జానకి
సిఫార్సు 1 దగ్గర ఎవరూ ఆగలేదేంటి? బెంగళూరులో ఇది 2009 నుంచి తప్పనిసరే! జలమండలి చట్టానికి సవరణ చేశారు, పాత ఇళ్లయితే 2,400 చదరపు అడుగుల స్థలం నుంచి, కొత్తవైతే 1,200 నుంచే. పెట్టుకోని వాళ్లకి నీళ్ల బిల్లులో జరిమానా కూడా వేస్తున్నారు. ఉన్న చట్టాన్నే తెమ్మని అడిగే సిఫార్సు జలమండలి ఇంజనీరు కంట పడితే మిగతా ఐదు పేజీలు చదవడు.

మైలాపూర్_మూర్తి
శభాష్. మా తమిళనాడులో 2003లోనే వచ్చింది, అయినా చెన్నైలో ప్రతి సెమినార్‌లో ఎవరో ఒకరు లేచి "తప్పనిసరి చేయాలి" అంటారు, చప్పట్లు కొడతారు.

హెబ్బాళ_హేమ
కానీ సభ ఒప్పుకున్న మాట అది. ఇద్దరు ముగ్గురు సమర్థించారు, మీ లెక్కలో స గుర్తే. ఇప్పుడు తీసేస్తే నేను సభ మాట మార్చినట్టు కాదా?

మైలాపూర్_మూర్తి
మంచి ప్రశ్న. మార్చకు, తీయకు. సెషన్ సారాంశంలో సభ అలా కోరిందని రాసి, దాని కిందే రాపోర్టియర్ గమనికలో 2009 సవరణ సంగతి ఒక వాక్యం పెట్టు. విడిగా గమనిక ఉండొచ్చన్నది ఇలాంటి అవసరానికే. సిఫార్సుల పేజీలోకి ఏం వెళ్లాలో ఆ సెషన్ అధ్యక్షుడిని అడుగు. "ఉన్న నిబంధన అమలును తనిఖీ చేయాలి" అని మార్చడానికి ఆయన ఒప్పుకుంటే, అధ్యక్షుడి అనుమతితో మార్చినట్టు రాసెయ్.

యలహంక_వాసు
ఇక్కడ నాకు మూర్తి గారితో పేచీ ఉంది. ఈ అధ్యక్షుడు మార్చొచ్చు అంటున్నారు, మరి రెండో సెషన్ అధ్యక్షుడు తర్వాత మెసేజ్ పెట్టి చేర్చమంటే మాత్రం కూడదంటారా? ఇద్దరూ సభ అయిపోయాక మాట్లాడుతున్నవాళ్లే.

మైలాపూర్_మూర్తి
సభలో వచ్చిన మాటని సరిచేయడం వేరు, రాని మాటని తేవడం వేరు. రెండోది చేర్చాలంటే అనుబంధంలో "సెమినార్ తర్వాత అందిన సూచనలు" అని తేదీతో పెట్టాలి.

జయనగర్_జానకి
చెప్పడానికి బాగుంది సార్. ఆయన సీనియర్, రేపు హేమ పీహెచ్‌డీ వైవాకి ఎక్స్‌టర్నల్‌గా వస్తే? అనుబంధంలో పడేశావా అని అడగడూ? నేనైతే మంచి సిఫార్సు అయితే చేర్చేస్తాను, నష్టమేంటి.

యలహంక_వాసు
నష్టమేంటంటే, ఆయనకి చేర్చినట్టు తెలిస్తే ఆరుగురు అధ్యక్షులూ మెసేజ్ పెడతారు.

కోలారు_కిట్టు
అప్పుడు సెమినార్ పెట్టకుండానే రిపోర్టు రాసుకోవచ్చు, భోజనాల ఖర్చు మిగులుతుంది.

హెబ్బాళ_హేమ
ఇంకొకటి. బోర్ల సెషన్‌లో ఒక ప్రభుత్వ ఇంజనీరు "ఇది నా సొంత అభిప్రాయం" అంటూ కొన్ని మాటలు అన్నారు. రికార్డు చేయడం లేదు కదా అని కూడా అడిగారు. చాతమ్ హౌస్ రూల్ కింద అది రాయకూడదంటున్నాడు మా కొలీగ్.

గ్రాంట్_గోపి
అవును, ఆ రూల్ ఉంటే ఏదీ రాయకూడదు. సీక్రెట్ మీటింగ్.

మైలాపూర్_మూర్తి
కాదు గోపీ. ఆ రూల్ ప్రకారం విన్న మాట వాడుకోవచ్చు, అన్నది ఎవరో, ఏ సంస్థవారో బయటపెట్టకూడదు. అదీ మొదట్లోనే ప్రకటిస్తేనే. మీ సెమినార్‌లో ప్రకటించారా? లేకపోతే ఆ పేరుతో పని లేదు. కానీ ఆయన రికార్డు గురించి అడిగారంటే మనసులో మాట తెలుస్తూనే ఉంది. "ఒక పాల్గొన్నవారు" అని కూడా చాలదు, ఆ గదిలో ప్రభుత్వ ఇంజనీరు ఒక్కరే అయితే అందరికీ తెలిసిపోతుంది. ఆయనకి ఫోన్ చేసి, రాసిన వాక్యం చదివి వినిపించు.

హెబ్బాళ_హేమ
గురువారం సంగతులు. స్లైడ్ వక్త జవాబిచ్చారు. సున్నా తగ్గింది లీటర్లలో కాదట, పైకప్పులో! అది 24,000 చదరపు అడుగుల కాంప్లెక్సు లెక్కట. వాసు గారి లెక్కన 21 లక్షల 60 వేలు వస్తుంది, ఆయన 20 అన్నారు. గోపి గారు చెప్పినట్టు కొట్టేసి ఉంటే కొత్త తప్పు నా పేరు మీద అచ్చయ్యేది.

యలహంక_వాసు
20 కూడా ఎక్కువే. అంటే పడిన వానలో పదింట తొమ్మిది వంతులు పైనే పట్టినట్టు. మొదటి వాన వదిలేసి, పొంగిపోయేది తీసేస్తే 17 దాకా అనుకోవచ్చు. సరేలే, ఆయన అంకె, ఆయన పేరు కింద వేయండి.

గ్రాంట్_గోపి
ఒప్పుకున్నా. 12-ఎ కూడా చూశా, మూర్తి గారు చెప్పిందే కరెక్టు.

హెబ్బాళ_హేమ
హెచ్‌ఓడీ గారు జానకి గారి పద్ధతికి ఒప్పుకున్నారు, "ఏకగ్రీవంగా" తీసేశారు. దాని బదులు "విస్తృత మద్దతుతో" అని రాశారు, దాని మీద ఇంకా బేరం నడుస్తోంది. మూడు బిల్డింగుల కొలతల పని నా పేరు మీదే పడింది, గోపి గారి నోటి చలవ. ఇంజనీరు గారు వాక్యం విని ఒక మాట మార్చమన్నారు, మార్చాను. రెండో సెషన్ అధ్యక్షుడి సంగతి మాత్రం రేపటికి వాయిదా వేశా.

జయనగర్_జానకి
శుక్రవారం నిర్వాహకులకి ఇచ్చేముందు ఆరుగురు అధ్యక్షులకీ వాళ్ల సెషన్ పేజీ మాత్రం పంపు, మొత్తం రిపోర్టు వద్దు. మొత్తం పంపితే పక్క సెషన్ కూడా దిద్దుతారు.

బన్నేరుఘట్ట_బాబు
ఆ మూడు బిల్డింగుల్లో మాది ఒకటి పెట్టుకోండి మేడమ్. షాఫ్టు కొలతలు నేనే తీసిస్తా, వచ్చినప్పుడు ఎస్‌టీపీ కూడా ఒకసారి చూసి వెళ్లండి.